హాస్టల్ రూమ్మేట్‌కి చివరి రోజు మెసేజ్: సరదా పోకుండా ఎలా రాయాలి

ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్, నాలుగేళ్లూ హాస్టల్లో ఒకే గది. నాది కరీంనగర్, తనది విజయనగరం. ఎల్లుండి సాయంత్రం రైలుకి తను వెళ్లిపోతోంది, నేను ఇంకో వారం ఉంటాను. మెసేజ్ రాద్దామని కూర్చుంటే గ్రీటింగ్ కార్డులాగానో ఏడుపుగొట్టుగానో వస్తోంది. రాయాలనుకున్నవి ఇవీ: తన ఐదింటి అలారం, ఫ్యాన్ గొడవ, వాళ్లమ్మ పంపే ఆవకాయ, నాకొచ్చిన జ్వరం, తన బ్యాక్‌లాగ్, రోల్‌కాల్ ప్రాక్సీలు. సరదాగా ఉండాలి, కానీ తను దాచుకోవాలి. ఎలా రాయను?

సమాధానం:

సరుకు మీ దగ్గర బాగానే ఉంది. కాకపోతే మీరు రాసుకున్నవన్నీ ఇంకా శీర్షికలే. "ఫ్యాన్ గొడవ" అంటే ఏ హాస్టల్లో ఏ గదికైనా సరిపోతుంది. మీ గదిలో రెగ్యులేటర్ ఎన్ని మీద ఉండాలని తనకి, ఎన్ని మీద ఉండాలని మీకు? గొడవలో ఎవరు లేచి వెళ్లి తిప్పేవారు, ఎవరు పడుకునే అరిచేవారు? అక్కడిదాకా వెళ్తేనే అది మీ ఇద్దరిది అవుతుంది. కాబట్టి రాయడం మొదలుపెట్టకముందే ఓ పది నిమిషాలు గది తలుపు దగ్గర కూర్చుని, అక్కణ్ణించి కళ్లతో గదంతా ఒక చుట్టు చుట్టి రండి. తలుపు గొళ్లెం, స్విచ్‌బోర్డు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, తన మంచం కింద బకెట్టు, కిటికీ ఊచకి కట్టిన తాడు, బీరువా మీద కెటిల్. కనిపించిన ప్రతి వస్తువు పక్కనా దానితో తను ఏం చేసేదో నాలుగు మాటల్లో రాసుకోండి. "జ్ఞాపకాలు" అని తలుచుకుంటే ఫ్రెషర్స్ పార్టీ, టూరు, బర్త్‌డే కేకు వస్తాయి. వాటి ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వస్తువు వైపు నుంచి వెళ్తే, ఇంకెవరికీ తెలియనివి బయటపడతాయి.

గ్రీటింగ్ కార్డు వాసన ఎక్కణ్ణించి వస్తుందో పట్టుకోవడం తేలిక. మీరు రాసిన వాక్యంలో పేరు మార్చి పక్క గది అమ్మాయికి పంపితే చెల్లుతుందా? చెల్లితే కొట్టేయండి. "నువ్వు నాకు ఫ్రెండ్ కన్నా ఎక్కువ", "మన అల్లరి ఎప్పటికీ మర్చిపోలేను", "ఎక్కడున్నా నవ్వుతూ ఉండాలి", "నీలాంటి రూమ్మేట్ దొరకడం నా అదృష్టం". వీటిలో ఏదీ అబద్ధం కాదు, కానీ ఏదీ తనది కాదు. వీటన్నిటిలోనూ తను ఎలాంటిదో చెబుతున్నారే తప్ప తను ఒక్క పని కూడా చేయడం లేదు. "చాలా కేరింగ్" అనే మాట తీసేసి తను మీకోసం ఏ పని చేసిందో రాస్తే, కేరింగ్ అన్న మాట అవసరమే పడదు. సినిమా పాట చరణం పెట్టడమూ ఇలాంటిదే. పాట బాగుంటే తనకి పాటే గుర్తుంటుంది, మీరు గుర్తుండరు.

ఏడుపుగొట్టుతనం ఇంకో దారిన వస్తుంది. విడిపోవడం గురించి నేరుగా మాట్లాడగానే వాక్యం బరువెక్కుతుంది. "రేపటి నుంచి నువ్వుండవు", "ఈ గది బోసిపోతుంది" లాంటివి అవే. అదే విషయాన్ని వస్తువు మీదికి నెట్టండి. తను ఉండదు అనే బదులు అలారం మోగదు అనండి. అలారం మోగకపోవడం హాయే కదా అని తను నవ్వుతుంది, ఆ తర్వాత అర్థమవ్వాల్సింది అర్థమవుతుంది. సరదా మెసేజ్‌కి ఉన్న కిటుకంతా దాదాపు ఇదే.

ఇప్పుడు మీ ఆరింటిని జల్లెడ పడదాం. బ్యాక్‌లాగ్ తీసేయండి. ఇద్దరి మధ్యా అది ఎంత పెద్ద జోకైనా సరే. చివరి రోజు మెసేజ్‌ని ఒక్కరే చదవరు. ఇంటికి వెళ్లాక వాళ్లమ్మ "ఏం రాసిందే మీ ఫ్రెండు?" అని అడుగుతుంది, ఫోను చేతులు మారుతుంది. ఇంట్లో ఆ సబ్జెక్టు సంగతి తెలుసో లేదో మీకు తెలియదు. మార్కులు, ప్రేమ వ్యవహారాలు, ఒళ్లు, రంగు, ఇంట్లో డబ్బు ఇబ్బందులు, ఈ ఐదింటి మీద హాస్యం కాగితం మీదికి ఎక్కకూడదు. నోటితో అన్నప్పుడు మీ ముఖం దాన్ని జోకు చేస్తుంది, అక్షరాలకి ముఖం లేదు. రోల్‌కాల్ ప్రాక్సీలూ రాతలో వద్దు. ఇది భయం కాదు, లెక్క. నో డ్యూస్ ఫారం మీద వార్డెన్ సంతకం, కాషన్ డిపాజిట్ వాపసు అయ్యేదాకా స్క్రీన్‌షాట్ ఎక్కడికి తిరిగినా ఇబ్బందే. పైగా మీరింకా వారం రోజులు అక్కడే ఉంటారు. ఆ కథ స్టేషన్‌కి వెళ్లే ఆటోలో చెప్పుకోండి, అక్కడే బాగుంటుంది.

మిగిలినవి అలారం, ఫ్యాను, ఆవకాయ, జ్వరం. మూడు నవ్వుకి, ఒకటి సూటిగా చెప్పడానికి. ఇంతకన్నా ఎక్కువ పెట్టకండి. ఏడెనిమిది గుర్తులు వరసగా పేరిస్తే తను ప్రతిదానికీ "అవునవును" అనుకుంటూ దాటిపోతుంది, దేని దగ్గరా ఆగదు.

ఒక్కోదాన్ని వాక్యం చేద్దాం. అలారం గురించి మొదట ఇలా వస్తుంది: "నీ అలారం వల్ల నాకు నాలుగేళ్లు నిద్ర లేదు." ఇది ఫిర్యాదు, అంతే. తర్వాత ఇలా మార్చవచ్చు: "నువ్వు పెట్టుకున్న అలారానికి నేను లేచేదాన్ని." ఇప్పుడు తనూ ఉంది, మీరూ ఉన్నారు, పని ఉంది. ఇంకో అడుగు వేస్తే, దానివల్ల మీకేం ఒరిగిందో చేర్చండి: రోజూ లేచి కూర్చోవడం వల్ల మీ అటెండెన్స్ 75 శాతం దాటింది. ఫిర్యాదు కాస్తా మెచ్చుకోలు అయింది, కానీ కృతజ్ఞత అనే మాట ఎక్కడా రాలేదు. ఆటపట్టించడం ఎప్పుడూ ఇలాగే సాగాలి. ప్రతి జోకులోనూ కనీసం సగం దెబ్బ మీ మీద పడాలి. తన మీదే మూడు జోకులు వరసగా వేస్తే, మూడోది చదివేసరికి తనకి "ఇన్నాళ్లూ నన్ను భరించిందా?" అనిపిస్తుంది. అది సరదా మెసేజ్‌లు చెడిపోయే అతి మామూలు పద్ధతి, రాసేవాళ్లకి అసలు తెలియదు కూడా.

ఫ్యాన్ విషయంలో కాలాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. మీరు రాసేది రేపు రాత్రి, తను చదివేది ఎల్లుండి రాత్రి. "రేపు నువ్వు వెళ్లాక ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుంటాను" అని రాస్తే చదివేసరికి వాక్యం పాతబడిపోతుంది. తను చదివే గంటలో మీరు ఎక్కడ ఉంటారో ఊహించుకుని రాయండి: "ఫ్యాను ఐదు మీద పెట్టాను." తను బెర్తు మీద పడుకుని ఉంటుంది, మీరు గదిలో ఉంటారు, ఇద్దరి మధ్యా అదే రాత్రి. ఆ వెంటనే మీకే చలేస్తోందని ఒప్పేసుకుంటే, నాలుగేళ్ల వాదనలో తను గెలిచినట్టు. గెలుపుని తనకి వదిలేయడం మంచి వీడ్కోలు కానుక.

ఆవకాయ ముగింపుకి పనికొస్తుంది, ఎందుకంటే అందులో సీసా ఉంది. సీసా తిరిగి ఇవ్వాలి. తిరిగి ఇవ్వాల్సిన వస్తువు ఏదో ఒకటి మధ్యలో ఉంటే "మళ్లీ కలుద్దాం" అనక్కర్లేదు. కాకపోతే ఒక హెచ్చరిక. బాకీ మీద హాస్యం చిన్న వస్తువుకే పండుతుంది. సీసా, క్లిప్పు, చున్నీ, యాభై రూపాయల లోపు టీ డబ్బులు ఫర్వాలేదు. ఇద్దరి మధ్యా నిజంగానే రెండు వేల రూపాయల లెక్క తేలకుండా ఉంటే, దాన్ని మెసేజ్‌కి ముందే యూపీఐలో తేల్చేయండి. లేకపోతే సీసా జోకు కూడా వసూలు నోటీసులా వినిపిస్తుంది.

ఇక జ్వరం. మెసేజ్ మొత్తంలో నవ్వు లేని చోటు ఇదొక్కటే ఉండాలి. రెండు మూడు చిన్న వాక్యాలు చాలు. తను ఏం చేసిందో ఒకటి, మీరు అప్పుడు చెప్పనిది ఒకటి. "ఎంతో", "ఎప్పటికీ", "మాటల్లో చెప్పలేను" వద్దు, గుండె బొమ్మలూ వద్దు. ఈ భాగాన్ని ఆఖర్న మాత్రం పెట్టకండి. చాలామంది సహజంగా చివరికే దాచుకుంటారు, అక్కడే మెసేజ్ ఏడుపులోకి జారుతుంది. చదివేవాళ్లు ఏ వాక్యం మీద ఫోను పక్కన పెడితే మనసు ఆ రంగులోనే ఉండిపోతుంది. సూటి మాట తర్వాత మళ్లీ ఒక పనికిమాలిన సంగతి రావాలి, అంటే సీసా. కళ్లు చెమ్మగిల్లుతున్న క్షణంలో తను ఫక్కున నవ్వాలంటే ఈ వరసే పనిచేస్తుంది.

భాష సంగతి. మీరు కరీంనగర్ మాటతోనే గదిలో మాట్లాడి ఉంటారు కదా, అదే రాయండి. నాలుగేళ్లు "ఏమే" అని పిలిచి, చివరి రోజు "ప్రియమైన స్నేహితురాలికి" అంటే తనకి నవ్వు రాదు, ఇబ్బంది వస్తుంది. రాశాక ఒకసారి పైకి చదవండి. ఏ వాక్యం దగ్గర మీ గొంతు న్యూస్ చదువుతున్నట్టు మారిందో అది మీది కాదు, మార్చండి.

ఇవన్నీ కలిపితే సుమారుగా ఇలా ఉంటుంది:

"ఏమే, రేపు పొద్దుగాల ఐదింటికి మన రూమ్‌ల అలారం మోగదు. నాలుగేండ్లు పెట్టుకున్నది నువ్వు, లేసింది నేను. నా అటెండెన్స్ 75 దాటిందంటే ఆ పుణ్యం నీ ఫోనుదే.

ఫ్యాను 5 మీద పెట్టిన. 3 చెయ్యుమని మొత్తుకునేటోళ్లు లేరు. ఇప్పుడు నాకే చలి పెడుతున్నది.

మీ అమ్మ పంపిన ఆవకాయ సీసా నా దగ్గర్నే ఉన్నది. అడుగున రెండు ముక్కలున్నయ్. అవి నావి, లెక్క అడగకు.

థర్డ్ సెమ్‌ల నాకు జరమొచ్చినప్పుడు మెస్సు నుంచి గంజి తెచ్చి, నేను తాగేదాంక మంచం కాడ్నే కూసున్నవ్. ఆ రోజు థ్యాంక్స్ చెప్పలే. ఇప్పుడు చెప్తున్న.

సీసా కడిగి పెడ్త. వచ్చి తీస్కపో. రాకుంటే నేనే విజయనగరం తెస్త, మళ్ల నింపి ఇయ్యాలె."

డెబ్బై ఎనభై మాటలు, అంతే. ఫోన్లో ఒక్క తెర మీద పట్టేస్తుంది. ఇంకా పెరిగితే వాట్సాప్ కింద మడిచేసి, మిగతాది చదవడానికి నొక్కమంటుంది. అలా మడత పడితే సూటి మాటా సీసా జోకూ రెండూ దాని కిందికి పోతాయి.

పైన గంజి, మంచం దగ్గర కూర్చోవడం, థర్డ్ సెమ్, రెగ్యులేటర్ అంకెలు, సీసాలో రెండు ముక్కలు నేను వేసినవి. మీ నిజంతో మార్చుకోండి. బ్రెడ్డో, టాబ్లెట్టో, వార్డెన్‌తో పోట్లాడి ఆటో పిలిపించడమో, ఏది జరిగితే అదే రాయాలి. ఈ రకం రాతలో ఒక్క కల్పిత వివరం చాలు పాడు చేయడానికి, ఎందుకంటే చదివే మనిషి ఆ గదిలోనే ఉంది. గుర్తు సరిగ్గా లేకపోతే ఆ వివరం వదిలేయండి, అలంకరించకండి.

మీరూ తనూ ఎప్పుడూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే చాట్ చేసుకుంటారా? అయితే వాట్సాప్‌లో అలాగే పంపండి. తెలుగు లిపి కూడబలుక్కుని చదివేవాళ్లకి జోకు ఆలస్యంగా అందుతుంది. కాగితం మీద అయితే తెలుగులోనే రాయండి, కాగితాన్ని ఎవరైనా నిదానంగానే చదువుతారు.

ఎప్పుడు అందాలి అన్నది రాసినదాంట్లో సగం. చివరి రోజు పగలంతా పనికిరాదు. మెస్ బిల్లు, నో డ్యూస్ సంతకాలు, తాళంచెవి అప్పగింత, పరుపు కట్టడం, తీసుకెళ్లడానికి వచ్చిన నాన్నగారు గేటు దగ్గర. ఆ హడావుడిలో చదివితే ఒక నవ్వు బొమ్మ పంపి మరిచిపోతుంది. ప్లాట్‌ఫాం మీదా వద్దు. అక్కడ ఇద్దరూ ఎదురుగా ఉండి ఫోన్లు చూసుకోవడం బాగోదు. హైదరాబాద్ నుంచి విజయనగరం ఎలాగూ రాత్రంతా ప్రయాణం. భోజనాలయి, బోగీలో లైట్లు ఆరి, తను బెర్తు ఎక్కే వేళ పంపండి. దారిలో సిగ్నల్ పోయినా ఏం కాదు, వచ్చినప్పుడు అందుతుంది.

పంపేముందు మీ ఇద్దరి చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉందేమో చూడండి. హాస్టల్ పిల్లల్లో చాలామంది ఎప్పుడో సరదాకి దాన్ని పెట్టి మరిచిపోతారు. 24 గంటలో, 7 రోజులో, 90 రోజులో ఏది ఎంచుకుని ఉంటే ఆ గడువుకి మీ మెసేజ్ పోతుంది. తను దాచుకోవాలని మీ కోరిక కాబట్టి ముందే ఆపేయండి. మెసేజ్‌ని ముక్కలు చేసి పది సార్లు పంపకుండా మొత్తం ఒకేసారి పంపండి. ముక్కలైతే రెండో ముక్కకే తను జవాబు మొదలుపెడుతుంది, మీ వరస చెదిరిపోతుంది. అక్షర దోషం కనబడితే 15 నిమిషాల్లోపు సరిదిద్దుకోవచ్చు, కానీ దిద్దినట్టు గుర్తు పడుతుంది. అందుకే ముందు నోట్స్‌లో రాసుకుని, అక్కణ్ణించి కాపీ చేయడం మేలు. స్టేటస్‌లో మాత్రం పెట్టకండి. 24 గంటల్లో పోతుందన్నది ఒక్కటే కారణం కాదు. వందమంది చూస్తారని తెలిసి రాసే మాట వేరు, ఒక్కరికి రాసేది వేరు. స్టేటస్‌కి కావాలంటే ఫొటో పెట్టి ఒక వాక్యం వేయండి, చాలు. క్లాస్ గ్రూపులో ఏదైనా రాయాల్సి వస్తే దానికి రెండు లైన్లు విడిగా రాసుకోండి, ఇందులోంచి కత్తిరించకండి.

కాగితమైతే నోట్‌బుక్ అరఠావు, బాల్ పెన్ను. జెల్ పెన్ను, స్కెచ్ పెన్ను నీళ్ల సీసా చెమ్మకే అలికిపోతాయి. సూట్‌కేసులో పెట్టకండి. ఇంటికి వెళ్లాక దాన్ని విప్పేది చాలావరకు అమ్మే, ముందు చదివేదీ ఆవిడే. తను రైల్లో దగ్గర పెట్టుకునే చేతిసంచిలో ఛార్జర్‌ని చుట్టి ఆ మడతలో పెట్టండి. పడుకునేముందు ఛార్జర్ తీయక మానదు.

రూమ్మేట్ సీనియర్ అక్క అయ్యుంటే ఇదే వరస ఉంచి, "అక్కా" అని మొదలుపెట్టి, గదిలో "మీరు" అంటే "మీరు" అనే రాయాలి. జోకులన్నీ మీ మీదే వేసుకోవాలి. చివరి సెమిస్టర్లో మాటలు తగ్గి ఉన్నవాళ్లకైతే మూడు లైన్లు మించకూడదు: ఒక వస్తువు, తను చేసిన ఒక మేలు, క్షేమంగా చేరాక చెప్పమనడం. పాత గొడవని "మర్చిపోదాం" అని గుర్తు చేయకండి.

పంపాక "చదివావా?" అని అడగకండి, వెనకాలే స్టిక్కర్లు పంపకండి. ఒక్కోసారి జవాబుగా ఏడుస్తూ నవ్వే బొమ్మ ఒక్కటే వస్తుంది. ఒక్కోసారి పొద్దున దిగాక "మొత్తం నింపనంది అమ్మ, సగమే" అని వస్తుంది. రెండోది వస్తే, మర్చిపోకుండా ఆ సీసా కడిగి ఎండలో ఆరబెట్టండి. తడి ఉంటే కొత్త ఆవకాయకి బూజు పడుతుంది.